ముఖం మారింది, కానీ అతికించినట్టే కనిపిస్తోందా? గ్రెయిన్, షార్ప్‌నెస్ ఇలా కలపండి

పాతబస్తీలో లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటి, మహబూబ్ చౌక్ గడియారం మీదుగా ఇంకాస్త ముందుకెళ్తే హుస్సేనీ ఆలం వస్తుంది. అక్కడి ఒక గల్లీలో మా ఫ్రెండ్ వాళ్ళ ఇల్లు. పోయిన నెల వాళ్ళ అమ్మగారు నాకు ఒక ఫొటో ఇచ్చి ఓ పని చెప్పారు. 2014 రంజాన్ పండగ రోజు ఇంట్లో అందరూ కలిసి దిగిన గ్రూప్ ఫొటో అది. వాళ్ళ నాన్నగారు, అన్నదమ్ములు, పిల్లలు మొత్తం పదిహేను మంది. అందరూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్న ఫొటో అదొక్కటే. కానీ మధ్యలో కూర్చున్న తాతగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ ఫొటోని 12x18 సైజులో ప్రింట్ వేయించి హాల్లో పెట్టాలని ఆవిడ కోరిక.

అదృష్టం ఏంటంటే, అదే రోజు అదే గదిలో ఒక బంధువు డీఎస్ఎల్ఆర్‌తో, ఫ్లాష్ లేకుండా, తాతగారిని విడిగా ఫొటో తీశాడు. అదే టోపీ, అదే ట్యూబ్‌లైట్, దాదాపు అదే యాంగిల్. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంకేం, గంటలో అయిపోతుందనుకున్నా. ముఖం కట్ చేసి సైజు సరిచేసి గ్రూప్ ఫొటోలో పెట్టాను. రంగు కూడా కలిపాను. ఫోన్‌లో చూపిస్తే ఆంటీ కాసేపు చూసి, "అబ్బా మొఖం పైన అతికించినట్టుంది బేటా" అన్నారు.

రెండు సాయంత్రాలు రంగుతోనే కుస్తీ పట్టాను. ఎంత మార్చినా ఆ మాటే నిజం. చివరికి 400 శాతం జూమ్ చేసి పక్కన కూర్చున్న ఆయన తమ్ముడి నుదుటిని, తాతగారి నుదుటిని పక్కపక్కన చూశాను. విషయం అప్పుడు అర్థమైంది. తమ్ముడి నుదురు మీద సన్నటి ఇసుక చల్లినట్టు నాయిజ్ ఉంది, అంచులన్నీ మెత్తగా ఉన్నాయి. తాతగారి నుదురు మాత్రం గాజులా నున్నగా, గడ్డంలో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేలా ఉంది. గ్రూప్ ఫొటో అప్పటి 8 మెగాపిక్సెల్ ఫోన్‌తో తక్కువ వెలుతురులో తీసింది మరి. మన కన్ను రంగులో చిన్న తేడా వస్తే సర్దుకుంటుంది. ఒకే ఫొటోలో రెండు రకాల షార్ప్‌నెస్ కనబడితే మాత్రం వెంటనే పట్టేస్తుంది.

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు సైజు, తర్వాత షార్ప్‌నెస్, ఆ తర్వాతే నాయిజ్. ఎందుకంటే బ్లర్ నాయిజ్‌ని కూడా చెరిపేస్తుంది. ముందే గ్రెయిన్ వేసి తర్వాత బ్లర్ చేస్తే వేసిన గ్రెయిన్ మొత్తం పోతుంది. నేను మొదటిసారి చేసిన తప్పు సరిగ్గా ఇదే.

సైజు కోసం రెండు కళ్ళ మధ్య దూరం కొలిచాను. డీఎస్ఎల్ఆర్ ఫొటోలో 310 పిక్సెళ్ళు, గ్రూప్ ఫొటోలో 62. అంటే 20 శాతానికి తగ్గించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫొటోని ఐదో వంతుకి కుదించగానే దాని నాయిజ్ దాదాపు మాయమవుతుంది, అంచులు ఇంకా పదునుగా కనిపిస్తాయి. కాబట్టి ఏ కొలత తీసుకున్నా సైజు తగ్గించాకే తీసుకోవాలి, అంతకుముందు తీసుకుంటే వృథా.

తర్వాత షార్ప్‌నెస్. దీన్ని కంటితో అంచనా వేయొద్దు, పిక్సెళ్ళు లెక్కపెట్టండి. రెండు ఫొటోల్లోనూ తాతగారి తెల్ల టోపీ వెనక ముదురు రంగు బీరువా ఉంది. తెలుపు నుంచి ముదురుకి మారడానికి ఎన్ని పిక్సెళ్ళు పడుతోందో చూశాను. మరీ చివరి కొసలు వదిలేసి, మార్పులో 10 నుంచి 90 శాతం వరకు ఉన్న భాగాన్నే లెక్కించాలి. గ్రూప్ ఫొటోలో 5 పిక్సెళ్ళు, నా కొత్త ముఖంలో 2. అయితే 3 పిక్సెళ్ళ బ్లర్ ఇస్తే సరిపోతుందా? సరిపోదు. బ్లర్‌లు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. లెక్క ఇదీ:

```
sqrt(5*5 - 2*2) = 4.6
4.6 / 2.56 = 1.8
```

ఆ 2.56 ఎక్కడిదంటే, గాసియన్ బ్లర్‌లో 10 నుంచి 90 శాతం మార్పుకి పట్టే వెడల్పు, బ్లర్ సైజుకి దాదాపు 2.56 రెట్లు ఉంటుంది. నేను వాడింది ఉచితంగా దొరికే జింప్. అందులో Filters > Blur > Gaussian Blur తెరిచి Size X, Size Y రెండూ 1.8 పెట్టాను. గడ్డం వెంట్రుకలు వెంటనే పక్కవాళ్ళ గడ్డాల్లా మెత్తబడ్డాయి. టోపీ అంచు మళ్ళీ లెక్కపెడితే 5 పిక్సెళ్ళు వచ్చింది.

ఈ పద్ధతి ఒకవైపే పనిచేస్తుంది. పదునైన ముఖాన్ని మెత్తని ఫొటోకి దించగలం. మెత్తని ముఖాన్ని పదునైన ఫొటోకి ఎత్తడానికి షార్పెన్ వాడితే అంచుల వెంట తెల్లటి గీతలు వస్తాయి తప్ప, లేని వివరం రాదు. చాలా ఫోన్లు ఫొటో తీసేటప్పుడే గట్టిగా షార్పెన్ చేసేస్తాయి. ఆ తెల్ల గీతలు బ్లర్ చేశాక కూడా దవడ చుట్టూ మసక వెలుగులా మిగులుతాయి. మీ దగ్గర ఒరిజినల్ రా ఫైల్ ఉంటే దాంతోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు గ్రెయిన్. చాలామంది నాయిజ్ ఫిల్టర్ తెరిచి ఏదో ఒక నంబర్ పెట్టేస్తారు. ఆ నాయిజ్ ఒక్కో పిక్సెల్ సైజులో, టీవీ చుక్కల్లా ఉంటుంది. పాత ఫోన్ ఫొటోలో నాయిజ్ అలా ఉండదు. ఫోన్ లోపలి ప్రాసెసింగ్, జేపెగ్ కంప్రెషన్ కలిసి దాన్ని రెండు మూడు పిక్సెళ్ళ మచ్చలుగా మార్చేస్తాయి, అందులో రంగు మచ్చలు కూడా ఉంటాయి. అందుకే కొత్తగా తయారు చేయడం కంటే అదే ఫొటోలోంచి అప్పు తెచ్చుకోవడం మేలు.

గ్రూప్ ఫొటోలో ఒక మూల ఖాళీ గోడ ఉంది. ఆ ముక్కను రెండు లేయర్లుగా కాపీ చేసి, పై లేయర్‌ని 4 సైజులో బ్లర్ చేసి, దాని మోడ్ Grain extract పెట్టాను. గోడ పోయి, బూడిద రంగు మీద నాయిజ్ మాత్రమే మిగిలింది. దాన్ని Layer > New from Visible తో కొత్త లేయర్‌గా తీసుకుని, ముఖం పైన పెట్టి, మోడ్ Grain merge కి మార్చాను. గోడ ముక్క ముఖం కంటే పెద్దగా ఉండేలా చూసుకోండి. చిన్న ముక్కనే పక్కపక్కన పేర్చితే టైల్స్ పరిచినట్టు డిజైన్ కనబడిపోతుంది.

ఎంత మోతాదు? గోడ మూల ట్యూబ్‌లైట్‌కి దూరంగా, కాస్త చీకట్లో ఉంది. చీకటి చోట నాయిజ్ ఎక్కువ, వెలుగు పడ్డ ముఖం మీద తక్కువ. అందుకే గోడ గ్రెయిన్‌ని పూర్తిగా వేయకూడదు. జింప్‌లో చిన్న చదునైన చోటు సెలెక్ట్ చేసి Colors > Info > Histogram తెరిస్తే Std dev అని ఒక నంబర్ కనిపిస్తుంది. అదే నాయిజ్ కొలత. గోడ మీద 6, తమ్ముడి నుదురు మీద 4.5, బ్లర్ చేశాక తాతగారి నుదురు మీద 1.2 వచ్చింది. నాయిజ్ కూడా వర్గాల లెక్కలోనే కూడుతుంది:

```
sqrt(4.5*4.5 - 1.2*1.2) = 4.34
4.34 / 6 = 0.72
```

గ్రెయిన్ లేయర్ ఒపాసిటీ 72 పెట్టాను. మళ్ళీ కొలిస్తే రెండు నుదుర్లూ ఇంచుమించు ఒకటే. కొలిచేటప్పుడు నీడ మారే చోటు, ముడతలు తగలకుండా చూసుకోండి. అవి తగిలితే నంబర్ ఊరికే పెరిగిపోతుంది.

అయిపోయిందనుకున్నాను, కానీ ముఖం చుట్టూ ఒక నున్నటి ఉంగరం కనిపించింది. మాస్క్ అంచు బాగా కలిసిపోవాలని ఫెదర్ 12 పిక్సెళ్ళు ఇచ్చాను, తప్పు అక్కడ జరిగింది. అంచులో పాత ఫొటో సగం, కొత్త ముఖం సగం కలుస్తాయి. సంబంధం లేని రెండు నాయిజ్‌లు సగం సగం కలిస్తే ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుని, మొత్తం నాయిజ్ 0.7 వంతుకి పడిపోతుంది. వెడల్పైన ఫెదర్ అంటే వెడల్పైన నున్నటి పట్టీ అన్నమాట. ఫెదర్‌ని 4 పిక్సెళ్ళకి తగ్గించి, మాస్క్ అంచుని చెంప మధ్యలోంచి కాకుండా టోపీ కింద గీత, గడ్డం అంచుల వెంబడి తిప్పాను. ఉంగరం పోయింది.

చివరి పరీక్ష కూడా Grain extract తోనే. పూర్తయిన ఫొటోని కాపీ చేసి, పై కాపీని బ్లర్ చేసి, ఆ మోడ్ పెట్టి కాంట్రాస్ట్ బాగా పెంచండి. తెర మీద నాయిజ్, అంచులు తప్ప ఏమీ ఉండవు. అతికించిన ముఖం తేడాగా ఉంటే అక్కడ ఒక నున్నటి బిళ్ళలా బయటపడుతుంది. నా మొదటి వెర్షన్‌లో తాతగారి ముఖం బూడిద రంగు ముసుగులా కనిపించింది. చివరి వెర్షన్‌లో పదిహేను ముఖాల్లో ఏది మార్చానో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. సేవ్ మాత్రం ఒక్కసారే, జేపెగ్ క్వాలిటీ 95లో చేయండి. మెసేజింగ్ యాప్‌లో పంపి మళ్ళీ డౌన్‌లోడ్ చేసిన కాపీని ప్రింట్‌కి ఇవ్వొద్దు.

ఇదంతా కంటిని ఒప్పించడానికే. ప్రతి కెమెరా సెన్సర్‌కీ తనదైన నాయిజ్ ముద్ర ఉంటుంది. ఒరిజినల్ ఫైళ్ళు దొరికితే ఫోరెన్సిక్ నిపుణులు దాంతో ముఖం వేరే కెమెరాదని పట్టుకోగలరు. గోడ గ్రెయిన్ ఆ ముద్రను సరిచేయదు. మనం ఇంట్లోవాళ్ళ దగ్గర దాచేదీ ఏమీ లేదు. ప్రింట్ వెనక "కళ్ళు అదే రోజు తీసిన ఇంకో ఫొటోలోవి" అని మా ఫ్రెండ్ రాశాడు, కళ్ళు మూసుకున్న ఒరిజినల్‌ని విడిగా దాచాడు.

ప్రింట్ ఇచ్చిన రోజు ఆంటీ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. ఈసారి అతుకు గురించి ఏమీ అనలేదు. "అబ్బా టోపీ వంకరగా పెట్టుకున్నారు చూడు, ఎప్పుడూ అంతే" అన్నారు.