కేస్ షీట్‌లో ఏది ముందు?

ఆసుపత్రి ఫైలు తేదీల వరుసలో పెరుగుతుంది. ప్రమాదం ఆ వరుసను పట్టించుకోదు. అమెరికన్ వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లోనే, రికార్డును రోగి సమస్యల జాబితా చుట్టూ అల్లాలని వాదించాడు.

ఒక ఊహాత్మక కేసు చూద్దాం. 68 ఏళ్ల షుగర్ పేషెంట్ కాలి పుండుతో చేరాడు. 80 పేజీల ఫైలులో ఎక్కడ తెరిచినా పుండు మాటే. ల్యాబ్ కాగితాల్లో మాత్రం క్రియాటినిన్ మూడు రోజుల్లో 1.3 నుంచి 2.8కి ఎక్కింది, పొటాషియం 6.4. మందుల చార్టులో బీపీకి టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్, నొప్పికి డైక్లోఫెనాక్ ఉన్నాయి. వీటిని పక్కపక్కన పెట్టి చదివితేనే విషయం బయటపడుతుంది: కిడ్నీ దెబ్బతింటోంది, ఈ మందులు దానికి తోడై పొటాషియం పేరుకుంటోంది. అది గుండె లయను తప్పించగలదు.

కాబట్టి ఎక్కువసార్లు రాసినది కాదు, గంటలోపు ప్రాణం తీయగలది ముందు. పొటాషియం మొదటిది: వెంటనే ఈసీజీ తీయాలి, ఆ మూడు మందులూ ఆపాలి. రక్తకణాలు చితికిన నమూనాలో పొటాషియం అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది గనక పరీక్ష మళ్లీ చేయించాలి, కానీ ఈసీజీని దానికోసం ఆపకూడదు. రెండోది కిడ్నీ. మూడోది పుండు; జ్వరంతో బీపీ పడిపోతే అదీ పైకి, పొటాషియం పక్కకే వస్తుంది. కంటి శుక్లం చివర్న.

జాబితాలో ప్రతి అంశం పక్కన తేదీ, పేజీ ఉండాలి. నిన్నటి నోటును కాపీ చేసి అతికించడం మామూలే; ఎప్పుడో తగ్గిన న్యుమోనియా అలాగే బతికిపోతుంది.