కొటేషన్ పంపాక ఏం చేయాలి?

చిన్న ఇంటీరియర్ సంస్థల నుంచి కస్టమర్లు జారిపోయేది ఎక్కువగా కొటేషన్ పంపాకే. ఫోన్ వచ్చింది, కొలతలు తీశాం, కొటేషన్ ఇచ్చాం, మార్పులు చేశాం, అడ్వాన్సు అందింది: రిజిస్టరులో ఈ ఐదు దశలు చాలు. కానీ ప్రతి పేరు పక్కనా మళ్లీ మాట్లాడాల్సిన తేదీ ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ పని చేజారుతున్నట్టే.

మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నవారికి తాళాలు మార్చిలో వస్తాయనుకుందాం. నవంబరులో కొటేషన్ ఇచ్చి రోజూ "ఏమనుకున్నారండీ?" అని అడిగితే విసుగొస్తుంది. రెండో రోజు ఫోన్ చేసి, వంటింటికి తప్ప మిగతా గదులకు కమర్షియల్ ప్లైవుడ్ వాడితే ఖర్చెంత తగ్గుతుందో చెప్పాలి. వారంలోగా లామినేట్ నమూనాలు చూపించాలి. అప్పటికీ తేల్చకపోతే, తర్వాతి తేదీ ఫిబ్రవరి మొదటివారం. తాళాలెప్పుడో తొలి ఫోన్‌లోనే అడిగి రాసుకుంటేనే ఈ తేదీ వేయగలం.