ముందుంటే మాజీ, వెనకుంటే పాత

పారిస్‌లో సేన్ నది ఒడ్డున ఉన్న ఒర్సే మ్యూజియం ఒకప్పుడు రైల్వే స్టేషన్. 1900లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం దాన్ని కట్టారు. తర్వాత రైళ్ల పొడవు పెరిగింది, ప్లాట్‌ఫారాలు చాలలేదు. 1939 నాటికి దూరప్రయాణాల రైళ్లు అక్కడికి రావడం మానేశాయి. 1986లో అది మ్యూజియంగా తెరుచుకుంది. ఫ్రెంచివాళ్లు ఆ భవనాన్ని ‘ఆఁసియెన్ గార్’ అంటారు. ‘గార్’ అంటే స్టేషన్. ఈ రెండు మాటలనే తిప్పి ‘గార్ ఆఁసియెన్’ అంటే మాత్రం అర్థం మారిపోతుంది. మొదటిది ఒకప్పటి స్టేషన్, ఇప్పుడు కాదు. రెండోది బాగా పాతబడిన స్టేషన్, అందులో ఇప్పటికీ రైళ్లు ఆగుతూ ఉండవచ్చు. ఇరవై ఏళ్ల కిందట కట్టి నిరుడు మూసేసిన స్టేషన్ కూడా ‘ఆఁసియెన్ గార్’ అవుతుంది. దాని వయసుతో పని లేదు.

తెలుగులో విశేషణం నామవాచకానికి ముందే వస్తుంది కాబట్టి మనకు ఈ వెసులుబాటు లేదు. ఊళ్లో ‘పాత బస్టాండు’ అంటే కట్టడం పాతదా, బస్సులు రావడం మానేసినదా అన్నది ఆ ఊరివాళ్లకే తెలియాలి. ఫ్రెంచిలో విశేషణం మామూలు చోటు నామవాచకం వెనకే. ఎర్ర కారుని వాళ్లు ‘కారు ఎర్ర’ అన్న వరుసలో చెబుతారు. చిన్న, పెద్ద, మంచి, అందమైన వంటి రోజూ వాడే పొట్టి మాటలు కొన్ని సాధారణంగా ముందుకొస్తాయి. ఈ రెండు చోట్లా కూర్చుని రెండు అర్థాలిచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది వీటి దగ్గరే.

వీటిని బట్టీ పట్టనక్కర్లేదు, ఒక చిన్న పరీక్ష ఉంది. విశేషణాన్ని నామవాచకం పక్కనుంచి తీసేసి, వాక్యం చివర పెట్టి చూడండి. ‘ఆ స్టేషన్ ఆఁసియెన్’ అంటే ఫ్రెంచివాడికి ‘పాతది’ అనే వినిపిస్తుంది, ‘మాజీ’ అని వినిపించదు. పాతదనం ఆ కట్టడంలోనే ఉన్న గుణం, ఎవరైనా వెళ్లి చూసి ఔననో కాదనో చెప్పవచ్చు. మాజీ కావడం అలాంటిది కాదు. ‘స్టేషన్’ అన్న పేరు దానికి ఇంకా చెల్లుతుందా లేదా అన్న సంగతి అది. అందుకే ఆ అర్థం నామవాచకాన్ని ముందునుంచి అంటిపెట్టుకునే ఉంటుంది, విడదీస్తే నిలవదు.

‘ప్రోప్ర్’ అన్న మాటకీ ఇదే పరీక్ష పెట్టవచ్చు. ‘మా ప్రోప్ర్ షాఁబ్ర్’ అంటే నా సొంత గది. ‘మా షాఁబ్ర్ ప్రోప్ర్’ అంటే శుభ్రంగా ఉన్న నా గది. ‘గది ప్రోప్ర్’ అని వాక్యం చివరికి తెస్తే మిగిలేది శుభ్రత ఒక్కటే. హోటల్లో వేరే గది కావాలని అడగబోయి మాట వెనక పెట్టారనుకోండి, పక్కవాళ్లతో కలిసి ఉండాల్సిన ఆ గదినే ఊడ్చి ఇస్తారు.

‘షేర్’ కొంచెం తెలివైనది. ‘మోఁ షేర్ అమీ’ అంటే నా ప్రియ మిత్రమా అని, ఉత్తరాల్లో రాసే పిలుపు. ‘మోఁత్ర్ షేర్’ అంటే ఖరీదైన గడియారం. ఇక్కడివరకూ సూత్రం సరిపోయింది. కానీ ‘ఎత్ర్ షేర్’ అంటే ఖరీదైన మనిషి కాదు, మనసుకు దగ్గరైన మనిషి, మాట వెనకున్నా సరే. ఆత్మీయులకు ధర కట్టం కదా, కాబట్టి నామవాచకమే అర్థాన్ని తేల్చేస్తుంది. అదే లాయరు పక్కన, వెనక వస్తే ఫీజు గుర్తుకొస్తుంది. అంటే చోటు చూసి ఊహించాలి, నామవాచకం చూసి ఖాయం చేసుకోవాలి.

స్థిరపడిపోయిన పదబంధాలు ఏ పరీక్షకీ లొంగవు. బైబిల్ పాత నిబంధనకు ఫ్రెంచిలో ‘ఆఁసియాఁ’ ముందే వస్తుంది, అయినా అది ‘మాజీ నిబంధన’ కాదు. ‘నోఁ ప్రోప్ర్’ అంటే శుభ్రమైన పేరు కాదు, వ్యాకరణంలో సంజ్ఞానామం. నాకు బాగా నచ్చింది ఆఫీసు ఉత్తరాల్లో కనిపించే ‘ఆఁ మాఁ ప్రోప్ర్’. ‘మాఁ’ అంటే చెయ్యి. మాట వెనకుంది కాబట్టి ‘శుభ్రమైన చేతికి’ అని చదవబోతాం. కానీ ఇక్కడ ‘సొంత’ అన్న అర్థమే నిలిచింది. ఈ మాటకు మూలమైన లాటిన్ పదానికీ అదే అర్థం, శుభ్రత తర్వాత వచ్చి చేరింది. ఫ్రాన్స్‌లో రాజీనామా ఉత్తరం మీద ఇది తరచూ ఉంటుంది. మీ ఉత్తరం మీదా ఉంటే చేతులు కడుక్కోవడం కాదు, యజమానికి స్వయంగా అందజేసి ముట్టినట్టు సంతకం తీసుకోండి.