రెండు తాళంచెవులు, ఒకే ఇల్లు

కిందటి నెల మా ఆవిడ పేరు మీద ఉన్న కొద్దిపాటి షేర్ల తాలూకు వార్షిక నివేదిక పుదుచ్చేరిలోని మా ఇంటికి వచ్చింది. మామూలుగా అయితే అది పాత పేపర్ల కట్టలోకి పోయేది. ఈసారి ఎందుకో తిరగేస్తూ, "ఏమండీ, ఇక్కడెవరో లీడ్ ఇండిపెండెంట్ డైరెక్టర్ అట. మన లీడ్ బ్యాంకు లాంటిదా?" అని అడిగింది.

బ్యాంకు ఉద్యోగి భార్య కదా, ప్రశ్న కూడా బ్యాంకు భాషలోనే వచ్చింది. నిజానికి ఆ పోలిక చాలావరకు సరిపోతుంది. మా పుదుచ్చేరికి లీడ్ బ్యాంకు ఇండియన్ బ్యాంకు. అంటే ఊళ్లో ఉన్న మిగతా బ్యాంకులకు అది పైఅధికారి కాదు, స్టేట్ బ్యాంకు మేనేజరుకు ఆర్డరు వేయలేదు. కాని అందరినీ ఒకచోట కూర్చోబెట్టేది, అందరి మాటా కలిపి ప్రభుత్వానికి చెప్పేది అదే. లీడ్ ఇండిపెండెంట్ డైరెక్టర్ కూడా అంతే. తక్కిన స్వతంత్ర డైరెక్టర్ల మీద ఆయనకు అధికారమేమీ ఉండదు. వాళ్లను కూడగట్టే బాధ్యత ఉంటుంది.

అసలు ఆ మనిషి అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కంపెనీలోని రెండు కుర్చీల గురించి ముందు చెప్పుకోవాలి. ఒకటి మేనేజింగ్ డైరెక్టర్ లేదా సీఈఓ కుర్చీ. రోజువారీ వ్యాపారం నడిపేది ఈయన. రెండోది బోర్డు ఛైర్మన్ కుర్చీ. బోర్డు సమావేశానికి అజెండా ఏమిటి, కాగితాలు సభ్యులకు ఎన్ని రోజుల ముందు అందాలి, ఏ విషయం మీద ఎంతసేపు చర్చ జరగాలి, చివరికి మినిట్స్‌లో ఏం రాయాలి అన్నవి ఈయన చేతిలో ఉంటాయి. సీఈఓ పనిని చూసి, ప్రశ్నించి, అవసరమైతే ఇంటికి పంపవలసింది బోర్డు. ఆ బోర్డు అజెండాను సీఈఓయే రాసుకుంటే, పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు అవుతుంది.

మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన విషయం ఒకటుంది. శాఖలో స్ట్రాంగ్ రూము తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఒక్కరు వెళ్తే తలుపు తెరుచుకోదు. ఛైర్మన్, సీఈఓ పదవులను విడదీయడం వెనక ఉన్న ఆలోచన ఇదే. అయితే ఆ రెండు తాళంచెవులూ ఒకే ఇంటి గోడకు వేలాడుతుంటే? మన తెలుగునేల మీదే అలాంటిది జరిగింది.

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్‌లో ఛైర్మన్ బి. రామలింగరాజు గారు. మేనేజింగ్ డైరెక్టర్ ఆయన తమ్ముడు రామరాజు గారు. కాగితం మీద పదవులు రెండు, మనుషులు ఇద్దరు. బోర్డులో బయటివాళ్లు కూడా సామాన్యులు కారు. కేంద్ర ప్రభుత్వంలో క్యాబినెట్ కార్యదర్శిగా చేసిన టి.ఆర్. ప్రసాద్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఎం. రామ్మోహనరావు, పెంటియమ్ చిప్‌తో పేరు తెచ్చుకున్న వినోద్ ధామ్ వంటివారు ఉండేవారు. 2008లో ఆ కంపెనీకి సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకున్నారు లెండి.

2008 డిసెంబరు 16న బోర్డు సమావేశమైంది. ముందుకొచ్చిన ప్రతిపాదన ఇది: మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను సత్యం కొనాలి. ఖర్చు మొత్తం 160 కోట్ల డాలర్లు. ఆ రెండు కంపెనీలూ రాజుగారి కుటుంబానివే. మేటాస్ అన్న పేరు ఇంగ్లీషులో సత్యంను వెనకనుంచి చదివితే వచ్చేదే. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో యజమాని కుటుంబపు భూములు, రోడ్ల కంపెనీలు కొనడం అన్నమాట. ఛైర్మన్‌కు ఇందులో సొంత ప్రయోజనం ఉంది కాబట్టి ఆ పూట రామ్మోహనరావు గారు అధ్యక్షత వహించారు. మనకు సంబంధం లేని రంగంలోకి ఎందుకు, ధర ఎలా కట్టారు అని సభ్యులు ప్రశ్నలు వేశారు. చివరికి ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. వాటాదారుల అనుమతి అడగనే లేదు.

వార్త బయటికి రాగానే అమెరికా మార్కెట్లో సత్యం షేరు ధర సగానికి పైగా కూలింది. కొన్ని గంటల్లోనే ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు. ఆ నెలాఖరులోపు నలుగురు డైరెక్టర్లు తప్పుకున్నారు. 2009 జనవరి 7న రామలింగరాజు గారు బోర్డుకు రాసిన లేఖలో అసలు సంగతి బయటపడింది. సెప్టెంబరు చివరికి లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలైతే, అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ లేని ఆస్తి స్థానంలో నిజమైన ఆస్తిని నింపేందుకు చేసిన ఆఖరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలు అని ఆయనే రాశారు.

ఇక్కడ బ్యాంకు కుటుంబాలకు బాగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. ఆ లేని డబ్బులో ఎక్కువ భాగం ఫిక్సెడ్ డిపాజిట్లుగా చూపించారు. డిపాజిట్ నిజంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆడిటరు బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాయాలి, జవాబు కూడా బ్యాంకు నుంచి నేరుగా ఆడిటరుకే రావాలి. మన శాఖల్లో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లేఖలు ఇచ్చేవారికి ఇది కొత్త కాదు. సత్యంలో ఆ ఉత్తరాలు పంపే పని, జవాబులు తెచ్చే పని కంపెనీ యాజమాన్యం చేతుల్లోకే వెళ్లాయని 2011లో అమెరికా నియంత్రణ సంస్థ తేల్చి, ఆడిట్ సంస్థకు జరిమానా వేసింది. దొంగ లేఖ పుట్టడానికి అంతకంటే దారి ఏం కావాలి?

మరి లీడ్ ఇండిపెండెంట్ డైరెక్టర్ అనే మనిషి ఉంటే ఏమయ్యేది? ఒక్క పూట అధ్యక్ష కుర్చీలో కూర్చోవడానికి, ఏడాది పొడుగునా ఆ బాధ్యత మోయడానికి తేడా ఉంది. ఆ పూట అధ్యక్షుడు తన ముందుకు వచ్చిన కాగితాలతోనే సభ నడుపుతాడు. లీడ్ డైరెక్టర్ అయితే ఛైర్మన్‌తో కలిసి అజెండాను ముందే చూస్తాడు. ఇంత పెద్ద కొనుగోలు, అదీ సొంతవాళ్ల కంపెనీ అని తెలియగానే స్వతంత్ర డైరెక్టర్లను విడిగా, అన్నదమ్ములిద్దరూ లేని గదిలో కూర్చోబెడతాడు. ధర కట్టడానికి యాజమాన్యం తెచ్చిన నిపుణుడు కాకుండా తాము ఎంచుకున్న నిపుణుడు కావాలని అడుగుతాడు. పెద్ద వాటాదారులతో మాట్లాడి వాళ్ల నాడి చూస్తాడు. ఆరుగురు పెద్దమనుషుల మనసుల్లో విడివిడిగా ఉన్న ఆరు సందేహాలు ఒక్క 'కాదు'గా మారాలంటే వాళ్లను కలిపేవాడు ఒకడు కావాలి. మేటాస్ ప్రతిపాదన దగ్గర ఇది పనిచేసి ఉండేదని నా నమ్మకం. కాని లేని డిపాజిట్లను లీడ్ డైరెక్టర్ కనిపెట్టేవాడని మాత్రం అనలేను. ఆయన చూసేది తన చేతికి ఇచ్చిన లెక్కలనే. అడిగితే, ఆ ఉత్తరాలు ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయని ఆడిటరును అడగగలడు, అంతవరకే.

ఇక చట్టం సంగతి. 2013 కంపెనీల చట్టం స్వతంత్ర డైరెక్టర్లు ఏడాదికి కనీసం ఒక్కసారి, యాజమాన్యం లేకుండా విడిగా కూర్చోవాలని, ఛైర్మన్ పనితీరును కూడా అక్కడ సమీక్షించాలని చెప్పింది. 2017లో ఉదయ్ కోటక్ కమిటీ సిఫార్సులు వచ్చాక సెబీ ఇంకో అడుగు వేసింది. మొదటి 500 లిస్టెడ్ కంపెనీల్లో ఛైర్మన్ రోజువారీ పాలనలో లేనివాడై ఉండాలి, అంతేకాదు, మేనేజింగ్ డైరెక్టర్‌కు బంధువు కాకూడదు అంది. సత్యం కథ తెలిసినవారికి ఆ రెండో షరతు బరువు వేరే చెప్పనక్కర్లేదు. కాని మన దేశంలో తండ్రి ఛైర్మన్, కొడుకు ఎండీ అన్నది చాలా కంపెనీల కుటుంబ చిత్రం. అందుకని 2020 ఏప్రిల్ నుంచి అమలు కావలసిన నిబంధనను 2022కు వాయిదా వేశారు. ఆ గడువు రాకముందే, 2022 ఫిబ్రవరిలో, ఇష్టమైతే పాటించండి అని వదిలేశారు. అప్పటికి పాటిస్తున్న కంపెనీలు 54 శాతం. నా మటుకు నాకు ఇది వెనకడుగుగానే తోస్తుంది. లీడ్ ఇండిపెండెంట్ డైరెక్టర్ ఉండి తీరాలన్న నిబంధన కూడా మన దగ్గర లేదు. ఇన్ఫోసిస్ వంటి కంపెనీలు తమంతట తామే పెట్టుకున్నాయి.

మన ప్రభుత్వ బ్యాంకుల్లో మార్పు 2015లో వచ్చింది. అంతకుముందు అందరూ 'సీఎండీ గారు' అనేవారు, మన పాత సంచికల ఫొటోల కింద ఆ మాటే కనిపిస్తుంది. ఇంద్రధనుష్ పథకంతో ఆ పదవిని విడదీసి, బోర్డుకు నాన్ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌ను, బ్యాంకు నడపడానికి ఎండీ, సీఈఓను వేరువేరుగా నియమిస్తున్నారు. స్టేట్ బ్యాంకు పద్ధతి మాత్రం వేరు. అక్కడ ఛైర్మనే పూర్తికాలపు అధిపతి, ఆయన కింద మేనేజింగ్ డైరెక్టర్లు ఉంటారు.

పుదుచ్చేరిలో ఉంటూ ఫ్రెంచివాళ్ల సంగతి చెప్పకపోతే బాగుండదు. మా వీధిలో ఫ్రెంచి పెన్షన్ తీసుకునే పెద్దాయన ఒకరున్నారు. కంపెనీ అధిపతిని ఆయన 'పెడెజే' అంటారు. ఛైర్మన్, సీఈఓ రెండూ ఒక్కరే అయిన పదవికి ఫ్రెంచిలో పొట్టి పేరు అది. ఆ దేశంలో ఎన్నో పెద్ద కంపెనీలు అలాగే నడిచాయి. రెనో కార్ల కంపెనీ పెడెజే కార్లోస్ గోన్‌ను 2018 నవంబరు 19న టోక్యోలో అరెస్టు చేశారు. ఆరోపణలను ఆయన ఖండించారు, అది వేరే కథ. కంపెనీకి మాత్రం ఒక్కరోజులో ఛైర్మనూ లేడు, సీఈఓ కూడా లేడు. అప్పుడు బోర్డు సమావేశాలకు అధ్యక్షత వహించింది లీడ్ ఇండిపెండెంట్ డైరెక్టర్ ఫిలిప్ లగాయెట్. రోజువారీ పాలన తాత్కాలికంగా డిప్యూటీ సీఈఓ తియరీ బొలోరేకు అప్పగించారు. రెండు నెలల తర్వాత, 2019 జనవరి 24న, రెనో ఆ కుర్చీని రెండుగా చేసింది. ఛైర్మన్‌గా జాన్ డొమినిక్ సెనార్ వచ్చారు, సీఈఓగా బొలోరే కొనసాగారు.

మీ ఇంటికి కూడా అలాంటి నివేదిక వస్తే, అందులో కార్పొరేట్ గవర్నెన్స్ అనే భాగం తెరవండి. డైరెక్టర్ల పట్టికలో ఛైర్మన్ పేరు పక్కన ఎగ్జిక్యూటివ్ అని ఉందా, నాన్ ఎగ్జిక్యూటివ్ అని ఉందా చూడండి. డైరెక్టర్ల మధ్య బంధుత్వాల గురించి ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది, దాన్ని వదలొద్దు. స్వతంత్ర డైరెక్టర్ల విడి సమావేశం ఎప్పుడు జరిగిందో తేదీ ఇస్తారు. కొన్ని నివేదికల్లో ఆ సమావేశానికి ఎవరు అధ్యక్షత వహించారో కూడా రాస్తారు. మా ఆవిడ నివేదికలో ఆ తేదీ మార్చి చివరి వారంలో ఉంది. ఏడాదికి ఒక్కసారి, అదీ మన శాఖల్లో ఇయర్ ఎండింగ్ హడావుడి నడిచే రోజుల్లో. "ఈ ఒక్కరోజులో ఏం మాట్లాడుకుంటారండీ?" అంది. దానికి జవాబు నివేదికలో లేదు.