'కల్' అంటే నిన్ననా, రేపా?

ప్రశ్న: ఇద్దరికీ రెండు భాషలూ వచ్చినప్పుడు, ఒకే మెసేజ్‌లో రెండూ కలిపి రాస్తే ఒకసారి ముచ్చటగా ఉంటుంది, ఇంకోసారి ఒళ్లు మరిచి రాసినట్టు ఉంటుంది. తేడా ఎక్కడ వస్తుంది? ఎందుకు వస్తుంది?

జవాబు జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి మొదలుపెట్టడం మేలు. అక్కడ రెండు భాషలు కలపడం ఫోన్లతో వచ్చిన అలవాటు కాదు. 1948 దాకా నిజాం సర్కారు కచేరీ భాష ఉర్దూ. ఆ కచేరీ మాటలు ఇప్పటికీ రైతు నోట్లో పహాణీ అనీ, జమాబందీ అనీ తిరుగుతూనే ఉన్నాయి. బజార్లో, బీడీ కార్ఖానాలో, బస్టాండ్‌లో తెలుగువాళ్లూ దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లూ పక్కపక్కనే పెరిగారు. ఆ తర్వాత గల్ఫ్ వచ్చింది. దుబాయి, సౌదీ, ఖతర్ పోయిన మనిషికి క్యాంపులో హిందీ రాకపోతే పూట గడవదు. ఇక్కడి దోస్తుల మధ్య తిరిగే మెసేజ్‌లో రెండు భాషలుండటం వింత కాదు, ఒక్కటే ఉంటేనే 'ఏందిరా, కోపమొచ్చిందా' అని అడుగుతారు.

ఒక మెసేజ్ అనుకుందాం. రాసేది కోరుట్లలో ఉన్న తెలుగాయన. అందుకునేది జగిత్యాల నుంచి షార్జా పోయిన ముస్లిం దోస్తు, తెలుగు మనంత బాగా వచ్చినవాడు. దోస్తు ఇంటికి డబ్బు పంపాడు, కోరుట్లాయన పోయి వాళ్లమ్మకు ముట్టజెప్పాడు. ఆ కబురు ఇలా రాశాడు:

"భాయ్, నీ పైసలు పడ్డయ్. పొద్దుగాల పోయి అమ్మీ చేతికిచ్చిన. ఏమన్నదో ఎరుకేనా? 'మేరేకు పైసే నక్కో, ఉస్కు ఆనే బోలో' అన్నది."

నాకు పైసలొద్దు, వాణ్ణి రమ్మను అని ఆ తల్లి మాట. ఇది చదివిన కొడుకు నవ్వుతాడు, కాస్త కళ్లు కూడా చెమరుస్తాయి. ఇప్పుడు అదే కబురు ఇంకోలా:

"భాయ్ మనీ రిసీవ్డ్, అమ్మీకి డెలివర్ కియా. షీ వాస్ సేయింగ్ మనీ నక్కో అండ్ కమ్ సూన్ అని. కల్ బ్యాంక్ పని, చూస్కో."

సంగతి అదే, మనుషులూ వాళ్లే. కానీ రెండోది ఎవరికో పంపబోయి ఇతనికి పంపినట్టుంది.

మొదటి మెసేజ్‌లో భాష మారింది ఒక్కచోటే. అక్కడ మారడానికి కారణం ఉంది, మాట్లాడే మనిషి మారింది. అంతదాకా చెప్పినవాడు కోరుట్లాయన, ఆ తర్వాత గొంతు తల్లిది. ఆమె నిజంగా అన్న భాషలోనే మాటను దించాడు. మళ్లీ 'అన్నది' అంటూ తెలుగులోకి వచ్చి వాక్యం మూశాడు. రెండోదాంట్లో ఆ తల్లి నోట 'మనీ నక్కో అండ్ కమ్ సూన్' పెట్టాడు. ఆమె జన్మలో అనని మాట అది. కొడుకు చెవికి అమ్మ గొంతు అందలేదు, కబురు మాత్రమే అందింది.

ఇంత నున్నగా మారడం ఎలా సాధ్యమైంది? ఆ దక్కనీ వాక్యాన్ని మాట మాటా విడదీస్తే తెలుస్తుంది. మేరేకు, నాకు. పైసే, పైసలు. నక్కో, వద్దు. ఉస్కు, వానికి. ఆనే, రానీకి. బోలో, చెప్పు. తెలుగులో ఏ మాట ఎక్కడ కూర్చుంటుందో దక్కనీలోనూ అక్కడే కూర్చుంది. 'వస్తా అని చెప్పిండు' అనేదాన్ని దక్కనీలో 'ఆతా బోల్‌కే బోలా' అంటారు. మన 'అని' ఉన్న తావులోనే 'బోల్‌కే' ఉంది. ఢిల్లీ హిందీలో అలా కాదు, 'ఉస్‌నే కహా కి' అని ముందు చెప్పడం, తర్వాత చెప్పిన సంగతి. తరతరాలు తెలుగు, మరాఠీ, కన్నడల పక్కన బతికిన ఉర్దూ వాటి నడక నేర్చుకుంది. మహారాష్ట్రలోని కుప్వార్ అనే ఊళ్లో మరాఠీ, కన్నడ, ఉర్దూ అలా ఒకే నడకకు వచ్చిన తీరును జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో రాశారు. మాటలు వేరైనా వాక్యం కట్టు ఒకటైపోయిందని వాళ్లు చూపించారు.

న్యూయార్క్‌లో ఇంగ్లీషు, స్పానిష్ కలిపి మాట్లాడే ప్యూర్టోరికన్లను గమనించి షానా పాప్లాక్ 1980లో ఒక సంగతి చెప్పింది. రెండు భాషల్లో మాటల వరస ఎక్కడ కలుస్తుందో అక్కడే మనుషులు భాష మారుస్తారు, కలవని చోట మార్చరు. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లే వాక్యం నడుమ తేలిగ్గా మారుస్తారని కూడా ఆమె గమనించింది. భాష సరిగా రాక కలుపుతారనే మాటకు ఇది అడ్డం తిరుగుతుంది.

దీన్నిబట్టి తెలుగులో ఇంగ్లీషు ఎందుకు వేరే తీరుగా కలుస్తుందో అర్థమవుతుంది. మన క్రియ చివర, వాళ్ల క్రియ నడుమ. అందుకే ఇంగ్లీషు మాట ఒంటరిగా వచ్చి తెలుగు ప్రత్యయం తగిలించుకుంటే ఇబ్బంది ఉండదు: 'ఫ్లైట్‌ల ఉన్న', 'టికెట్ బుక్ చేసిన', 'వీసా క్యాన్సిలయింది'. వాక్యం కట్టు తెలుగుది, చివర్న కూర్చున్న క్రియ తెలుగుది. ఇంగ్లీషు వాక్యమే నడుము దాకా దూరి, తోకగా 'అని' తగిలితే మాత్రం ఎవరి వాక్యమో తేలదు. 'మనీ నక్కో అండ్ కమ్ సూన్ అని' దగ్గర చదివేవాడు తట్టుకుని పడేది అందుకే. ఒక్క వాక్యంలో మూడు భాషల కట్లు పెనుగులాడుతున్నాయి.

ఇంకా పెద్ద తప్పు చివరి ముక్కలో ఉంది. 'కల్ బ్యాంక్ పని.' మన జనం తెలుగును కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. పి, ఏ, ఎన్, ఐ అని నాలుగక్షరాలు కొడితే తెలుగువాడికి అది పని, హిందీ చదివేవాడికి పానీ. బ్యాంక్ పక్కన ఉంది కాబట్టి ఇక్కడ పనే అని ఊహించవచ్చు. అదే గల్ఫ్ క్యాంపు నుంచి 'క్యాంప్‌ల పని బంద్' అని ఆ అక్షరాల్లోనే వస్తే? 'బంద్' రెండు భాషలదీ. నీళ్లు రావడం లేదా, పనే ఆగిపోయిందా? మొదటిది ఒక పూట బాధ, రెండోది ఇంటికి పంపే జీతం మీద దెబ్బ. కోరుట్లలో ఇంటివాళ్లకు ఆ తేడా చిన్నది కాదు. 'నీళ్లు ఒస్తలేవ్' అని తెలుగులోనే రాసి ఉంటే ఆ అనుమానమే వచ్చేది కాదు.

'కల్' కథ ఇంకా తమాషా. హిందీ, ఉర్దూల్లో నిన్నకూ రేపటికీ అదే మాట. ఏదో చెప్పేది క్రియే: 'కల్ ఆయా' అంటే నిన్న, 'కల్ ఆయేగా' అంటే రేపు. క్రియ తీసేసి 'కల్' ఒక్కటే తెలుగు మెసేజ్‌లో దించితే, దానికి దారి చూపే తోడు లేకుండా పోయింది. 'కల్ పైసలేసిన' అంటే నడుస్తుంది, 'వేసిన' అంటున్నాడు కాబట్టి నిన్నే. 'కల్ పైసలు' అంటే నడవదు.

సిరిసిల్లకు వస్తే ఇది మరో మలుపు తిరుగుతుంది. అక్కడి పద్మశాలీల్లో చాలా ఇళ్లకు భీవండి, షోలాపూర్‌లతో చుట్టరికమో పని సంబంధమో ఉంది. సాంచాల మీద పని నేర్చుకున్నదీ, పని తగ్గినప్పుడు పోయి వచ్చిందీ అటువైపే. భీవండిలో పెరిగిన దోస్తుకు తెలుగు, మరాఠీ, హిందీ మూడూ వస్తాయి. మరాఠీలో 'కాల్' అంటే నిన్న మాత్రమే, రేపటికి 'ఉద్యా' అని వేరే మాటుంది. సిరిసిల్ల ఆసామి హిందీ మనసులో పెట్టుకుని, రేపు అనే అర్థంలో 'నూలు కల్' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, భీవండి దోస్తు దాన్ని మరాఠీగా చదివి నూలు నిన్ననే బయలుదేరిందనుకోవచ్చు. నూలు కోసం కూర్చున్నవాడికి ఒక రోజు అంటే సాంచాలు ఊరికే నిలబడే రోజు.

అయితే ఎలా రాయాలి? నేను పాటించేది ఒకటుంది, నియమం అనడం పెద్దమాట. ఎవరు, ఎంత, ఎప్పుడు, ఏమైంది అనే నాలుగూ ఒకే భాషలో, క్రియతో సహా. రెండో భాషను పిలుపుకూ, వేళాకోళానికీ, ఎవరి మాటనైనా వాళ్ల గొంతుతో చెప్పడానికీ ఉంచుకోవడం. పంపేముందు రెండో భాష మాటలు తీసేసి చదవాలి. సంగతి నిలిచి, రుచి మాత్రమే తగ్గితే కలిపింది బాగున్నట్టు. సంగతే కూలిపోతే బాగోనట్టు. పైన తల్లి మాట తీసేయండి, పైసలు అందిన కబురు చెక్కుచెదరదు. 'కల్' తీసేయండి, ఎప్పుడన్నదే మిగలదు. ఇళ్లల్లో దోస్తుకొచ్చిన మెసేజ్‌ను తమ్ముడో, వదినో గట్టిగా చదివి వినిపించడం మామూలే కనుక, రెండు భాషలూ రాని మూడో మనిషి కూడా చదువుతాడని అనుకోవడం మంచిది.

వాక్యం కట్టుతో పనిలేని తప్పొకటి ఉంది, నా దృష్టిలో అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. దోస్తు భాషను ఎగతాళికి మాత్రమే వాడటం. ఎప్పుడూ తెలుగులో రాసేవాడు, జోకు వచ్చినప్పుడు మాత్రం 'హౌ', 'నక్కో', 'కైకు' అని సాగదీస్తే, ఆ దోస్తుకు తన ఇంటి భాష నవ్వులాటకే పనికొస్తుందని అనిపించదా? ఇది జగిత్యాల మనిషికి వేరే చెప్పక్కర్లేదు. మన యాసను ఎన్నేళ్లు సినిమాల్లో కమెడియన్‌కూ రౌడీకీ తొడిగారో చూసినవాళ్లమే. పండుగ పూట శుభాకాంక్ష, పిల్ల పరీక్ష పాసైతే సంతోషం, ఇవి కూడా అప్పుడప్పుడు ఆ భాషలో వెళ్తే, జోకు కూడా చనువుగానే వినబడుతుంది.

దీనికి తిరగేసినది, చనువు భాషను ఉన్నట్టుండి వదిలేయడం. రోజూ 'ఏమాయెరా భాయ్' అనేవాడు అప్పు అడిగితే 'సారీ, నాట్ పాజిబుల్' అని రాస్తాడు. లేదనడం తప్పు కాదు, భాష మార్చడమే గుచ్చుకుంటుంది. గంపర్జ్ 1982 నాటి పుస్తకంలో మన భాష, వాళ్ల భాష అని విడదీసి చూపింది ఇదే. ఇంటి భాష నుంచి ఆఫీసు భాషకు మారగానే, చెప్పకుండానే దూరం జరిగినట్టవుతుంది. 'ఇప్పుడు చేతిల లెవ్వు భాయ్, బురా మత్ మాన్' అన్నా లేదనే అర్థం, కానీ మనిషి పక్కనే ఉన్నాడు.

ఇక పొరపాటున 'కల్' వెళ్లిపోయి, అటు నుంచి 'ఏ కల్?' అని వస్తే, 'రేపు' అని రాయడం కూడా సగం జవాబే. అర్ధరాత్రి పంపింది పొద్దున చదివితే ఆ రేపు కూడా జరిగిపోతుంది. 'ఛుట్టీ రోజు' అన్నా కుదరదు. సౌదీలో వారాంతం శుక్ర, శని, ఎమిరేట్స్‌లో ఫెడరల్ ప్రభుత్వం 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మార్చింది. వారం పేరు రాయండి: 'ఆదివారం పొద్దుగాల పైసలేస్త.' ఆ తర్వాత 'భాయ్, ఫికర్ నక్కో' అని ఎంత కావాలంటే అంత కలుపుకోండి.