బ్యాంకుకు ఫిర్యాదు: తెలుగు ఉత్తరం ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు

ఏటీఎంలో నొక్కిన డబ్బు బయటికి రాలేదు, ఖాతాలో మాత్రం కోత పడింది. మండల కేంద్రంలో ఉండే ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు బ్రాంచి మేనేజరుకు ఇలా రాశాడనుకుందాం.

“మేనేజరు గారికి నమస్కారాలు. నేను తమ శాఖలో చాలా ఏళ్లుగా ఖాతాదారుణ్ణి. మార్చి 3న సాయంత్రం మార్కెట్ దగ్గరి ఏటీఎంలో 10,000 రూపాయలు తీయబోతే డబ్బు రాలేదు గానీ ఖాతాలో కోత పడింది. మర్నాడే వచ్చి చెప్పాను. రెండు రోజుల్లో పడిపోతుందన్నారు. మళ్లీ వస్తే పైనుంచి రావాలన్నారు. నేటికి 21 రోజులైంది. పెన్షన్ మీద బతికేవాళ్లకు ఇది చిన్న మొత్తం కాదని తమకు తెలియనిది కాదు. ఇంకా ఎన్నాళ్లు తిరగమంటారు? రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం రావలసిన పరిహారంతో సహా నా సొమ్ము వెంటనే జమ చేయగలరు. లేని పక్షంలో అంబుడ్స్‌మన్ గారికి ఫిర్యాదు చేసుకోవలసి వస్తుంది. ఇట్లు, తమ విధేయుడు.”

ఇది మంచి ఉత్తరం. ఎక్కడా మాట తూలలేదు, అలాగని ఎక్కడా వంగిపోలేదు. మేనేజరు తెలుగువాడైతే దీని బరువు వెంటనే తెలుస్తుంది. కానీ డబ్బు తేల్చాల్సింది బ్రాంచి కాదు, ఏ ముంబయిలోనో ఉండే ఫిర్యాదుల విభాగం. అక్కడ చదివే ఉద్యోగికి తెలుగు రాకపోవచ్చు. అందుకే ఊళ్లో చదువుకున్న కుర్రాడెవరో దీన్ని ఇంగ్లీషులో పెడతాడు. ఉత్తరం పాడయ్యేది సాధారణంగా అక్కడే. ఒకరి చేతిలో అది అడుక్కునే అర్జీ అవుతుంది, ఇంకొకరి చేతిలో లాయరు నోటీసవుతుంది. రాసినాయన ఉద్దేశం ఆ రెండూ కాదు.

అర్జీ ఎలా అవుతుందో ముందు చూద్దాం. తెలుగులో మర్యాద చాలావరకు వ్యాకరణంలోనే ఉంటుంది. ‘గారు’, ‘తమరు’, క్రియ చివర ‘అన్నారు’, ‘తిరగమంటారు’ ఇవన్నీ వాటంతటవే గౌరవాన్ని మోస్తాయి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. పోయిన ఆ గౌరవాన్ని పూడ్చాలని అనువాదకుడు ‘హంబ్లీ’, ‘కైండ్లీ’, ‘డు ద నీడ్‌ఫుల్’, ‘ఒబీడియెంట్’ లాంటి మాటలు తెచ్చి పోస్తాడు. ఇవి మన తాలూకా కచేరీల నాటి సరుకు. తెలుగులో ‘తమ విధేయుడు’ అంటే సంతకానికి ముందు వచ్చే ఆనవాయితీ, అంతే. ఇంగ్లీషులోకి మాటకు మాట మారిస్తే ఆయన నిజంగానే చేతులు కట్టుకు నిలబడ్డట్టు ఉంటుంది. దానికి సరిపోయేది ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. అదీ ఆనవాయితీయే కాబట్టి తూకం సరిపోతుంది. మొత్తం ఉత్తరంలో ‘ప్లీజ్’ రెండుసార్లు వస్తే చాలు. మిగిలిన మర్యాద అంతా వాక్యం ఎవరినీ నిందించకుండా నడవడంలోంచి రావాలి.

‘జమ చేయగలరు’ దగ్గర చాలామంది జారిపడతారు. పైకి అది ‘మీకు చేతనవుతుంది’ అన్నట్టు కనిపిస్తుంది. ‘యూ కెన్ క్రెడిట్’ అని రాసిన ఉత్తరాలు లేకపోలేదు. అది చదివితే ఇష్టమైతే వేయండి, లేకపోతే లేదు అన్నట్టుంటుంది. తెలుగు ఉత్తరాల్లో ‘గలరు’ అనేది ఆజ్ఞకు వేసిన మర్యాద ముసుగు. ఇంగ్లీషులో ఆ పని సూటిగా ‘ప్లీజ్ క్రెడిట్’ చేస్తుంది. కొందరికి ఇది పొడిపొడిగా, కాస్త దురుసుగా అనిపిస్తుంది. ఆఫీసు ఇంగ్లీషులో మాత్రం అది మామూలు మర్యాదే.

‘తమకు తెలియనిది కాదు’ ఇంకా సున్నితమైనది. రెండు వ్యతిరేకాలు కలిసి తెలుగులో ఒక గౌరవమయ్యాయి: మీకు తెలుసు, నేను నేర్పక్కర్లేదు అని. ‘ఇట్ ఈజ్ నాట్ దట్ యూ డు నాట్ నో’ అని పెడితే అదే మాట దెప్పిపొడుపవుతుంది. ‘యాజ్ యూ విల్ అండర్‌స్టాండ్’ అనేది దగ్గరగా ఉంటుంది. ఆ వాక్యాన్ని తీసేయవద్దని నా సలహా. పెన్షన్ సంగతి కేసుకు అవసరం లేదని అనువాదకుడికి అనిపించవచ్చు. కానీ ఉత్తరం మొత్తంలో ఆ పెద్దాయన తన బతుకు గురించి చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. ఒకే వాక్యంలో చెప్పి వదిలేశాడు గనక అందులో దేబిరింపు లేదు.

‘ఇంకా ఎన్నాళ్లు తిరగమంటారు?’ అన్నది జవాబు కోసం వేసిన ప్రశ్న కాదు. అలసట, నిష్ఠూరం కలిసిన మాట. ఇంగ్లీషు ఫిర్యాదులో ఇలాంటి ప్రశ్న వెటకారంగా వినబడే ప్రమాదం ఉంది. పైగా దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం తేలిక. కాబట్టి దాన్ని నిజమైన ప్రశ్నగా మార్చాలి: ‘ప్లీజ్ లెట్ మీ నో ద డేట్ బై విచ్ ది ఎమౌంట్ విల్ బి క్రెడిటెడ్.’ ఏ తారీఖుకు వేస్తారో చెప్పండి. నిష్ఠూరం కొంత తగ్గింది, నిజమే. కానీ అవతలివాడు ఇప్పుడు ఒక తేదీ రాయక తప్పదు.

‘అన్నారు’ సంగతీ అంతే. ‘పడిపోతుందన్నారు’, ‘రావాలన్నారు’ అంటే ఎవరన్నారో తెలుగు చెప్పదు. చెప్పకపోవడమే మర్యాద, ఎదుటనున్న గుమాస్తాను ఇరికించకుండా ఉండటం. ఇంగ్లీషు వాక్యానికి కర్త కావాలి. ‘యువర్ స్టాఫ్ లైడ్’ అన్నంత దూరం పోనక్కర్లేదు. ‘ఆన్ 4 మార్చ్ ఐ వాజ్ టోల్డ్ ఎట్ ద బ్రాంచ్’ అంటే సరిపోతుంది. మనిషి పేరు బయటికి రాలేదు, తేదీ, చోటు మాత్రం కాగితం మీదికెక్కాయి. రెండోసారి వెళ్లిన తేదీ తెలుగులో లేదు. అది పెద్దాయనను అడిగి రాసుకోవాలి, ఊహించి వేయకూడదు.

ఇక గట్టిదనం. ‘వెంటనే’, ‘తీవ్రమైన’, ‘అన్యాయం’ లాంటి మాటలు దాన్ని ఇవ్వలేవు. దాన్నిచ్చేవి నిబంధన, లెక్క, గడువు. తెలుగు ఉత్తరంలో ‘రిజర్వు బ్యాంకు నిబంధన’ అని ఊరుకున్నారు. మేనేజరుకు అది చాలు. కొత్తవాడు చదివే ఇంగ్లీషు ఉత్తరంలో దాన్ని విప్పి చెప్పాలి. ఇలా విప్పితే స్వరం మారదు, పెద్దాయన అన్నదానికే ఆధారం చూపినట్టవుతుంది.

ఆ నిబంధన 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో కోత పడితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లోగా బ్యాంకు తానే ఆ సొమ్ము తిరిగి వేయాలి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఖాతాదారుకు చెల్లించాలి. ఇవి క్యాలెండరు రోజులు, ఆదివారాలూ సెలవులూ తీసేయడం ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ పరిహారం ఖాతాదారు అడిగేదాకా ఆగకుండా బ్యాంకే వేయాలని అందులో ఉంది.

మన కేసులో మార్చి 3 లావాదేవీ. గడువు మార్చి 8తో తీరింది. మార్చి 9 నుంచి ఉత్తరం రాసిన 24 దాకా 16 రోజులు, అంటే 1,600 రూపాయలు. సొమ్ము పడేవరకు ఇది రోజుకో వంద పెరుగుతూనే ఉంటుంది. దీన్ని ‘ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ గ్రాంట్ కాంపెన్సేషన్’ అని రాస్తే బ్యాంకు దయతలచి ఇవ్వాల్సిన దానంలా మారిపోతుంది. ‘కాంపెన్సేషన్ ఆఫ్ 1,600 రూపీస్ ఈజ్ ఆల్సో డ్యూ’ అంటే చాలు. ‘రావలసిన పరిహారం’ అన్న తెలుగు మాటలోని ‘రావలసిన’ బరువంతా ఆ చిన్న ‘డ్యూ’ మోస్తుంది. డిమాండ్ అన్న మాట అక్కర్లేదు, దాన్ని పెద్దాయన వాడలేదు కూడా.

హెచ్చరిక చివర్లో ఉంది. ‘ఫిర్యాదు చేసుకోవలసి వస్తుంది’ అంటే చేయాలని నాకు లేదు, పరిస్థితి అక్కడికి నెడుతోంది అని. ‘ఐ షల్ బి కన్‌స్ట్రెయిన్డ్ టు ఇనీషియేట్’ అంటూ నోటీసు భాషలోకి దిగితే మనిషి మారిపోతాడు. ‘ఐ విల్ హావ్ టు రిఫర్ ద మ్యాటర్ టు ది అంబుడ్స్‌మన్’ అంటే ఆ ‘వలసి వస్తుంది’ దాదాపు అలాగే దిగుతుంది.

అయితే ఎప్పుడు? ఇక్కడ ఉత్సాహవంతులు ‘వారంలోగా’ అని కలుపుతుంటారు. ఆ మాట ఉత్తరాన్ని బలహీనం చేస్తుంది. రిజర్వు బ్యాంకు సమగ్ర అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బ్యాంకు దాన్ని తిరస్కరించినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, అందిన 30 రోజుల్లో జవాబే రాకపోయినా అప్పుడు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వారం బెదిరింపు ఉత్తుత్తిదని ఫిర్యాదుల విభాగంలో ఎవరికైనా తెలుసు. మార్చి 24న ఉత్తరం అందితే 30 రోజులు ఏప్రిల్ 23కు పూర్తవుతాయి. ఉత్తరంలో ఆ తేదీయే వేస్తే, ఈయనకు దారి తెలుసని చదివేవాడికి అర్థమవుతుంది.

కొన్ని కేసులు ఇంత సాఫీగా పోవు. ‘మా లెక్కలో లావాదేవీ విజయవంతమైంది, నగదు వెళ్లింది’ అని బ్యాంకు జవాబిస్తే వంద రూపాయల లెక్క పక్కకుపోతుంది. నగదు వచ్చిందా లేదా అన్నదే తగువు. అప్పుడు ఏటీఎం జర్నల్ లాగ్, ఆ రోజు యంత్రంలో మిగులు నగదు తేలిందా అన్న వివరం, సీసీటీవీ దృశ్యం కోరుతూ ఇంకో ఉత్తరం రాయాలి. సీసీటీవీ రికార్డింగు ఎల్లకాలం ఉండదు కాబట్టి ఆ ఉత్తరం ఆలస్యం చేయకూడదు. ఏటీఎం వేరే బ్యాంకుదైనా ఫిర్యాదు మాత్రం కార్డు ఇచ్చిన సొంత బ్యాంకుకే.

అనువాదం పూర్తయ్యాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఇంగ్లీషు ఉత్తరాన్ని తెలుగు అసలు చూడకుండా మళ్లీ తెలుగులో పెద్దాయనకు చదివి వినిపించాలి. ‘ఇంత బతిమాలలేదే’ అన్నా, ‘ఇంత కోపంగా అన్నానా’ అన్నా ఆ వాక్యం తిరగరాయాల్సిందే. తేదీలు, మొత్తాలు రెంటిలోనూ ఒకటేనా అన్నది కూడా అప్పుడే సరిచూసుకోవచ్చు. పిన్, ఓటీపీ, కార్డు వెనక మూడంకెలు ఏ భాషలోనూ రాయకూడదు. ఖాతా నంబరు, లావాదేవీ సమయం, ఏటీఎం ఉన్న చోటు, స్లిప్పు ఉంటే దాని జిరాక్స్, పాస్‌బుక్కులో కోత పడిన పేజీ సరిపోతాయి.

సంతకం తెలుగు ఉత్తరం మీదా ఉండాలి, ఇంగ్లీషు ప్రతి మీదా ఉండాలి. రెండూ కలిపి ఇచ్చి, తన దగ్గర ఉంచుకునే ప్రతి మీద బ్రాంచిలో తేదీతో ముద్ర వేయించుకోవాలి. 30 రోజుల లెక్కకు ఆ ముద్రే సాక్ష్యం. బ్యాంకు జవాబు ఇవ్వక వ్యవహారం అంబుడ్స్‌మన్ దాకా పోతే మాత్రం అనువాదకుడి అవసరం ఉండదు. cms.rbi.org.in వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టడం ఒక దారి. కాగితం మీద రాసేవాళ్ల ఫిర్యాదులు చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి వెళ్తాయి, అక్కడ ఏ భాషలో రాసినా తీసుకుంటారు. తెలుగు కూడా.