అడ్డగీత కింది ధరదే పెత్తనం

ఆషాఢం సేల్‌లో ఓ చీర. ట్యాగ్ మీద 3,999 రూపాయలకు అడ్డగీత, పక్కనే పెద్ద అంకెల్లో 1,599. ‘60 శాతం తగ్గింపు’ అన్న స్టిక్కర్ సరేసరి. నేత, అంచు చూసి ఆ చీర ఎంత చేస్తుందో ఖాయంగా చెప్పగలిగేవారు కొద్దిమందే. అందుకే చాలామంది లెక్క చీరతో కాకుండా 3,999తో మొదలవుతుంది. 2,400 కలిసొచ్చాయన్న సంతోషంలో, అసలు 1,599 పెట్టదగిన చీరేనా అన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

మొదట కంటబడిన అంకె తర్వాతి అంచనాను తనవైపు లాక్కోవడాన్ని బిహేవియరల్ ఎకనామిక్స్‌లో యాంకరింగ్ అంటారు. ఆమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ 1974లో దీన్ని ఓ ప్రయోగంతో చూపించారు. అంకెల చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఆఫ్రికావి ఎంత శాతమని అడిగారు. చక్రం 10 దగ్గర ఆగినవారి అంచనా మధ్యస్థంగా 25. అది 65 దగ్గర ఆగినవారిది 45. చక్రానికీ ఆఫ్రికాకూ సంబంధమే లేదు. అయినా అంకె తన పని తాను చేసుకుపోయింది.

ఈ అడ్డగీతను తీసేస్తే ఏమవుతుందో అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణాలు చూశాయి. అక్కడ సరుకులో చాలా భాగం సగం ధరకో, అంతకన్నా తక్కువకో అమ్ముడయ్యేది. యాపిల్ స్టోర్ల నుంచి వచ్చిన సీఈఓ రాన్ జాన్సన్, 2012లో ఉత్తుత్తి పాత ధరలు, కూపన్లు చాలావరకు ఎత్తేసి, మొదటి నుంచీ తక్కువ ధరే రాయించారు. పోల్చుకోవడానికి పెద్ద అంకె లేకపోయేసరికి, పాత కొనుగోలుదారులకు అది చవకగా తోచలేదు. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు పావు వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో జాన్సన్ పదవి పోయింది. కూపన్లు, డిస్కౌంట్లు తిరిగొచ్చాయి. ఈ పతనానికి ఇతర మార్పులూ తోడయ్యాయి గానీ, ధరల విధానమే పెద్ద దెబ్బ అని విశ్లేషకులు తేల్చారు.

మన దగ్గర అడ్డగీత కింద ఉండేది చాలాసార్లు ఎమ్మార్పీ. ప్యాక్ చేసిన సరుకును అంతకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే అది. రోజూ ఆ ధరకే అమ్ముతున్నారని అర్థం కాదు. అందుకే ఏడాది పొడవునా ‘50 శాతం తగ్గింపు’ కనిపించే వస్తువుకు ఆ సగం ధరే మామూలు ధర.

యూరోపియన్ యూనియన్‌లో 2022 నుంచి తగ్గింపు ప్రకటించే దుకాణం, అంతకుముందు 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరను చూపించాలి. శాతాన్నీ దాని మీదే లెక్కగట్టాలని అక్కడి న్యాయస్థానం 2024లో స్పష్టం చేసింది. ఇదే లెక్క మన చీరకు కడదాం. కిందటి నెల అది 1,799కి అమ్ముడై ఉంటే, ఇవాళ్టి అసలు తగ్గింపు 200 రూపాయలు. అంటే 11 శాతం.